ఒకే కొండ గింజ

కరీంనగర్ల కాఫీ అమ్మి బతుకుడంటె ఎట్లుండెనో ఇప్పటోళ్ళకు చెప్పినా సమజ్ కాదు. ఊరు ఊరంత చాయ్ తాగేది. పొద్దుగాల లేస్తె చాయ్, చుట్టమొస్తె చాయ్, పంచాయితీకి కూసున్నా చాయే. అసొంటి ఊళ్ళె మా మామ కాఫీ గింజల దుకాణం పెట్టిండు. నా పెనిమిటి జరమొచ్చి పోయినంక ఆ దుకాణానికి మిగిలింది మేమిద్దరమే, మామ, నేను. ఇంట్ల ఇద్దరు చిన్న పిల్లలు. గింజలు వేయించే డోలు తిప్పి తిప్పి పట్టుకున్న నా కుడి రెక్క, ఇప్పటికీ వానొస్తె గుంజుతది.

దుకాణం మీద మామ సొంత చేతులతో రాసిన బోర్డు ఉండేది. 'ఒకే కొండ గింజ. ఏదీ కలపలేదు.' చిక్కమగళూరు కొండల మీద పండిన పండు, గుజ్జు తీసి నీళ్ళల్ల కడిగి ఆరబెట్టిన గింజ. హైదరాబాద్ వ్యాపారి దగ్గర అదే కొనేది, అదే అమ్మేది. వేరే గింజ మా గడప తొక్కొద్దు. పాలల్ల నీళ్ళు, మిరపపొడిల ఇటుకపొడి నడుస్తున్న రోజులాయె, "కలిపెటోడు దొంగ" అనే మామను జనం నమ్మిన్రు. వకీళ్ళు, మిషన్ దవాఖాన డాక్టరమ్మ, మద్రాసు దిక్కుకెళ్ళి బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లు, గీళ్ళే మా గిరాకీ. ఆఫీసర్లు ఒక్కొక్కరే మళ్ళ బదిలీ అయి పోయిన్రు. మేము ఈగలు తోలుకుంట కూసున్నం.

గప్పుడు బస్టాండు కాడి హోటల్ సేటు బొంబాయికెళ్ళి ఒక మిషిన్ తెచ్చిండు. ఎస్ప్రెసో మిషిన్. ఇత్తడి గద్ద ఒకటి నెత్తిన కూసుండి ఉంటది, ముందట పొడుగు పిడి. పిడి కిందికి గుంజి ఇడిస్తె లోపలి స్ప్రింగు వేడినీళ్ళను పొడిల నుంచి తోస్తది, పిడి మెల్లగ మీదికి లేస్తది, చిన్న కప్పుల కాఫీ పడ్తది. సేటు మా దుకాణానికొచ్చి నాతోని ఖరాఖండిగ చెప్పిండు. "చెల్లె, పొడి మీ దగ్గర్నే తీసుకుంట. కని దసరా లోపట మంచిగ కుదరాలె. కుదరకుంటె హైదరాబాద్ పొడి తెప్పించుకుంట, మల్ల నన్ను అనొద్దు."

ఆ గిరాకీ ఒక్కటి దొరికితె దుకాణం నిలుస్తది. లేకుంటె డోలు అమ్ముకొని పిల్లలను తీసుకొని లక్సెట్టిపేట మా అన్న ఇంటికి పోవాలె. ఆడ వదిన మొఖం చూసుకుంట బతకాలె.

మామ తన గింజనే తేనెరంగుకు వేయించి పంపిండు. ఇంట్ల గుడ్డల పోసి డికాక్షన్ దింపితె మల్లెపువ్వోలె వాసనొచ్చే గింజ. మిషిన్ల నుంచి ఏం పడ్డదనుకున్నరు? చింతపులుసు! పల్చగ, మీద నురగ రెండు నిమిషాలు కూడ నిలువలే. పాలు పోస్తె కాఫీ ఉన్నదా లేదా అని ఎతుక్కోవాలె. మామ జర ముదురు వేయించిండు. పులుపు తగ్గింది, వాసన కూడ పోయింది.

చిక్కదనం కోసం నేను మామకు చెప్పకుంట బజార్ల చికోరీ పొడి తెచ్చి కలిపిన. డికాక్షన్ల అందరు కలుపుతరు కద అని నా తెలివి. సేటు పిడి గుంజి ఇడిసిండు. అది లేస్తె గద! ఆడ్నే బిగుసుక పోయింది, కప్పులకు తారు లెక్క ఒక్కొక్క చుక్క. మిషిన్ బిగించనీకి హైదరాబాద్ నుంచి వచ్చిన మిస్త్రీ అంత ఊడదీసి కడిగిండు, కడుగుకుంట నన్ను కడిగిండు. "చికోరీ అంటె ఒక మొక్క వేరును దంచిన పొడి అక్కా, గింజ కాదు. గీ ఒత్తిడికి బంక లెక్క పట్టుకుంటది."

నా మొఖం చూసి జాలి పుట్టిందో ఏమొ, మిస్త్రీ కూసోబెట్టి చెప్పిండు. "గుడ్డల కాఫీ నిమ్మలంగ దిగుతది. దీంట్ల అర నిమిషంల, గింత నీళ్ళకు గంత పొడి. గింజల ఏమున్నదో అంత ఒక్కపారి బయటికొచ్చి ఒర్లుతది. మీ కొండ గింజల పులుపు ఉన్నది, గదే ముందు ఒర్లింది. అందుకే ఈ మిషిన్లకు కావాల్నని రకాలు కలుపుతరు. మీ అసొంటి కడిగిన గింజ వాసనకు. పండు పండుగనే ఎండబెట్టిన గింజ తీపికి, నిండుతనానికి. కింది తోటల్ల కాసే రోబస్టా అనే ఘాటు రకం జరంత, నురగ నిలవనీకి, పాలల్ల కాఫీ మునగకుండ ఉండనీకి."

ఆ గింజలు తెప్పించిన. దేనికి దాన్నే వేరుగ వేయించాలె, ఒక్కటి కాలెటాలకు ఇంకోటి పచ్చిగనే ఉంటది. ఒక్క డోలు పని మూడు డోలులయ్యింది. ఎంతెంత కలపాల్నో నాకు తెల్వదు. రోబస్టా ఎక్కువైతె నురగ దండిగ, రుచి మాత్రం కాలిన కట్టె. తక్కువైతె మల్ల పులుసు. ఆ తేడా పట్టే నాలుక ఊళ్ళె ఒక్కటే, మా మామది. ఆయనేమొ గింజల బస్తాల దిక్కు కూడ చూడడు, మొఖం తిప్పుకొని కూసుంటడు.

దసరా దగ్గరికొచ్చింది. నాకు తల పానం తోకకొచ్చింది. ఒకనాడు డోలు కాడ కూలబడి అనేసిన. "కుండల కూడు కుండల్నే ఉండాలె, బిడ్డ దుడ్డు లెక్క కావాలె అంటె ఎట్ల మామా? మీ మాట నిలబడ్తది. నేను, పిల్లలు ఎక్కడ నిలబడాలె?"

మామ తెల్లారి కండువ భుజాన ఏసుకొని హోటల్కు నడిసిండు. హోటల్ మెట్టెక్కుడు ఆయన బతుకుల అదే మొదలు.

కప్పు మీద కప్పు. ఒక్కొక్క గుక్క, ఉమ్ముడు. "రోబస్టా తియ్యి." "ఎండిన గింజ ఇంకింత." "ఇప్పుడు కొండది వాసనొస్తలేదు, పెంచు." నేను కలుపుతున్న, సేటు పిడి గుంజుతుండు. ఆఖరికి ఒక కప్పుల నురగ గోధుమరంగుతోని దుప్పటోలె పర్సుకున్నది. మామ ఉమ్మలే, మింగిండు. పాలు పోపిచ్చి ఇంకోటి తాగిండు.

"గిది ఏడాదంత గిట్లనే ఉండాలెనంటె, పంట మారినప్పుడల్ల కొలత మార్చాలె బిడ్డా," అన్నడు. "ఒకే కొండ, ఒకే కొండ అన్న గని, వాన తేడా అయితె ఏడాదికొక రుచి వచ్చేది. నన్ను చూసి జనం ఓర్సుకున్నరు, గంతే. హోటలోన్ని ఎవలు ఓర్సుకుంటరు?"

సేటు గిరాకీ ఖాయం చేసిండు. నా గుండెల మీది బండ దిగింది. సంబరపడే ఓపిక మాత్రం లేకుండె. ఇంటికి పోయి పంటె సాలు అనిపిచ్చింది.

దుకాణం కాడికొచ్చెటాలకు మామ స్టూలెక్కి బోర్డు మేకులు పీకుతుండు. నాకు మండింది. "ఏం జేస్తున్రు? ఆ బోర్డు చూసే కద మనదగ్గరికి వచ్చేది. ఉండనియ్యున్రి, ఎవలడుగుతరు?"

"కలుపుడు దొంగతనం గాదని గియ్యాల తెలిసింది," అన్నడు చేతుల మేకులతోని. "కలిపి, కలపలేదని రాసుకునుడు మాత్రం దొంగతనమే."

గప్పుడే మిషన్ దవాఖాన డాక్టరమ్మ అటు పోతున్నది. ఖాళీ గోడ చూసి, "దుకాణం మూసేస్తున్నరా పెద్దాయనా?" అనడిగింది.

"లేదమ్మా. దుకాణం ఉంటది," అన్నడు మామ. స్టూలు దిగెటప్పుడు నా భుజం పట్టుకున్నడు. అంతకుముందు ఎన్నడు పట్టుకోలే.

కొత్త బోర్డు రాయున్రని తర్వాత ఎన్నిసార్లడిగినా, "సూద్దాం తియ్యి" అనేటోడు. పాతదాన్ని పారేయలే, పొయ్యిల పెట్టలే. డోలు ఎనక నిలబెట్టిండు, అచ్చరాలు గోడ దిక్కు తిప్పి. పానం పోయిందాంక పొద్దుగాల వచ్చి దాని ముందట్నే కూసుండి, మూడు రకాల గింజలూ కలిపి నోట్లేసుకొని నమిలి, కొలత చెప్పేటోడు.