దాదీ పక్కన ఒక రకాత్

పెండ్లయి అమ్రాబాద్ వచ్చేనాటికి నాకు నమాజ్ రాదు. ఇప్పుడు చెప్తే మా ఇంట్ల పిల్లలు నమ్మరు. మాది కేతేపల్లి దిక్కు దూది ఏకే ఇల్లు. నాయిన ఊరూరు తిరిగి పరుపులకు, మెత్తలకు దూది ఏకేటోడు. ఇంట్ల తెలుగే మాట్లాడేది. పీర్లు లేస్తే మొక్కుతుంటిమి, రంజాన్‌ల ఒక్కపొద్దులు ఉంటుంటిమి, పండుగనాడు మగోళ్లు ఈద్గాకు పోతుండె. నమాజ్ చదివే ఆడిమనిషిని నేను దగ్గరికెళ్లి చూసిందే లేదు.

మా ఇంటాయన జంగ్లాత్‌ల, అడవి ఖాతాల చౌకీదారు. లోపలి చౌకీకి డ్యూటీ పడితే వారం దాకా ఇంటి మొకం చూసేటోడు కాదు. పొద్దున ఇల్లు ఊడ్చి, ఇన్ని జొన్నరొట్టెలు చేసుకుంటే ఇగ పనే లేదు. గాలొస్తే అడవి చప్పుడు. గాలి లేకుంటే అది గూడ లేదు. నాతోని నేనే మాట్లాడుకునే కాడికి వచ్చిన.

మా ఇంటికి రెండిండ్ల అవుతల ఒక ముసలామె ఒక్కతే ఉండె. అందరు దాదీ అందురు. ఆమె మొగుడు నిజాం కాలంల నౌకరి మీద ఈడికి వచ్చి ఈడ్నే పోయిండు. కొడుకు హైదరాబాద్‌ల ఉంటడు. వచ్చి తనతోని ఉండుమని ఎంత బతిలాడినా ఆమె పోలేదు. "ఆయన గోరీ గిక్కడున్నది, నేనెక్కడికి పోవాలె?" అనేది.

ఒకనాడు మాపటీలి ఆమె ఇంటికి నిప్పుకు పోయిన. పడమటి దిక్కు మొకం చేసి చాప మీద నిలబడి ఉన్నది. పిలిచిన. పలుకలేదు. మల్ల పిలిచిన. ఉలుకలేదు. కోపమొచ్చిందేమో అనుకొని గడపల్నే కూసున్న. చివరికి కుడి దిక్కు, ఎడమ దిక్కు మెడ తిప్పి సలాం చెప్పుకున్నంక నన్ను చూసి నవ్వింది.

"నమాజ్‌ల మాట్లాడొద్దు బేటీ. నీకు తెల్వదా?"

తెల్వదన్న. సిగ్గయింది. ఆమె మాత్రం నన్ను చిన్నచూపు చూడలేదు. "రేపు జొహర్‌కు, పగటి నమాజ్‌కు రా. కాళ్లు, చేతులు, మొకం కడిగి వుజూ చేసుకొని నా పక్కన నిలబడు" అన్నది.

పోయిన. ఆమెకు తెలుగు సగం వచ్చు, నాకు ఉర్దూ సగం వచ్చు. రెండు సగాలు కలిపి నేర్పింది.

"ముందు నియ్యత్. ఏ పూట నమాజో దిల్‌ల అనుకో. చేతులు భుజాల దాకా లేపు. అల్లాహు అక్బర్. ఇగ రొమ్ము మీద ఎడమ చేతి మీద కుడి చెయ్యి పెట్టు. చూపు నొసలు ఆనిచ్చి సజ్దా చేసే జాగ మీదనే ఉండాలె."

ముందు సనా, 'సుబ్‌హానకల్లాహుమ్మ' అని మొదలయ్యేది. తర్వాత షైతాన్ నుంచి కాపాడుమని అఊజు, అటెన్క బిస్మిల్లా. అప్పుడు ఖురాన్‌ల మొదటిది, అల్‌హమ్దు సూరా మొత్తం. అయినంక మెల్లగ ఆమీన్. ఆ మీద ఇంకో సూరా. నాకు చిన్నదని 'ఖుల్ హువల్లాహు' చెప్పింది. గదొక్కటి నోటికి పట్టుటానికే నాకు శానా దినాలు పట్టింది.

మల్ల అల్లాహు అక్బర్ అనుకుంట రుకూ. ఆడోళ్లు మగోళ్ల లెక్క నడుం పూరా వంచొద్దు, చేతులు మోకాళ్లకు అందితే సాలు అన్నది. అక్కడ 'సుబ్‌హాన రబ్బియల్ అజీమ్' మూడుసార్లు. 'సమిఅల్లాహు లిమన్ హమిదహ్' అనుకుంట లేచి సక్కగ నిలబడి 'రబ్బనా లకల్ హమ్ద్' అనాలె. నేను ఆగకుంట కిందికి పోబోతే ఆమె భుజం పట్టి ఆపింది.

"గంత తొందరేంది? నీ ఎముకలన్ని వాటి జాగకు రానియ్యి."

అప్పుడు తక్బీర్‌తోని, అంటే మల్ల అల్లాహు అక్బర్ అనుకుంట సజ్దా. ముందు మోకాళ్లు, తర్వాత చేతులు, ముక్కు, నొసలు. ఆడిమనిషి వొళ్లు దగ్గరికి ముడుచుకోవాలె. 'సుబ్‌హాన రబ్బియల్ ఆలా' మూడుసార్లు. తక్బీర్‌తోని లేచి జర సేపు కూసొని, మల్ల అట్లనే రెండో సజ్దా. అక్కడికి ఒక రకాత్ అయినట్టు. తక్బీర్ చెప్పుకుంట రెండో రకాత్‌కు లేవాలె. రెండు రకాత్‌లైనంక కూసొని అత్తహియ్యాత్ చదవాలె.

మొదటిసారి సజ్దాల నొసలు నేలకు తాకినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెల్వదు. మనిషి సడి లేని జాగల నా మాట ఎవరో వింటున్నట్టనిపించింది.

రోజు ఇద్దరం కలిసి నమాజ్‌కు నిలబడేటోళ్లం. అట్ల రెండు వానకాలాలు గడిచినయి. దాదీకి యాది తప్పుడు షురువైంది. ముందు పొయ్యి మీద గంజి మరిచింది. నన్ను ఒకనాడు తన చెల్లె పేరుతోని పిలిచింది. నేను పట్టించుకోలేదు, ముసలితనం అనుకున్న.

ఒక జొహర్ పూట నేను పోయేటాళ్లకు ఆమె నమాజ్‌ల ఉన్నది. ఒక్క సజ్దా చేసి లేచి నిలబడ్డది. మల్ల రుకూల వంగింది. వంగిందల్లా ఆగిపోయింది. మెల్లగ లేచి నా దిక్కు తిరిగింది. నమాజ్‌ల మాట్లాడొద్దని నాకు చెప్పిన మనిషి.

"బేటీ, నేను ఎక్కడున్న?"

ఆమె మల్ల మొదటినుంచి పట్టుకున్నది. మల్ల ఆడ్నే తప్పింది. చాప మీద కూలవడి చిన్నపోరి లెక్క ఏడ్చింది. "తిండి మరిస్తే ఫికర్ లేదు, ఇది మరిస్తే నా దగ్గర ఇంకేమున్నది?" అన్నది.

ఆ వారం మా ఇంటాయన అచ్చంపేట పోతుంటే అక్కడి మజీదుల మౌల్వీసాబును అడిగి రమ్మన్న. ఇంటాయన తిరిగొచ్చి మౌల్వీసాబు మాట చెప్పిండు: యాది తప్పిన మనిషికి పక్కన ఎవరన్న చెప్తుంటే, విని చేసినా సాలట. మనిషి తాకత్‌కు మించి అల్లా బరువు పెట్టడట.

ఇగ దినాం నేను ఆమె పక్కన కూసునేదాన్ని. "దాదీ, చేతులు లేపు. ఇప్పుడు సనా." సగంల ఆగితే మాట అందిచ్చేదాన్ని. అల్‌హమ్దు మాత్రం ఎన్నడు ఆగలేదు, నీళ్ల లెక్క వచ్చేది. "ఇప్పుడు రుకూ. లెవ్వు. ఆగు, జర నిలబడు. ఇప్పుడు సజ్దా." లేచి కూసున్నంక నా మొకం చూసేది. "ఇంకొకటి ఉన్నది దాదీ" అంటె మల్ల వంగేది. ఆమెది అయినంక నాది చదువుకునేదాన్ని.

ఎండకాలంల కొడుకు వచ్చిండు. తల్లి అవతారం చూసి కండ్లనీళ్లు పెట్టుకున్నడు. తోలుకపోతనన్నడు. దాదీ ఈసారి కాదనలేదు. ఎక్కడికి పోతున్నదో సగం తెల్వదు.

బస్సు కాడ నేను ఆయనతోని అన్న. "అన్నా, నమాజ్ యాళ్లకు పక్కన ఎవరన్న కూసోవాలె. రెండో సజ్దా మరుస్తది."

ఆయన నా దిక్కు చూసిండు. "మాకు నేర్పిందే అమ్మ" అన్నడు. సంచి భుజానికేసుకొని, "నేనే కూసుంట చెల్లె" అన్నడు.

దాదీ కిటికీలకెళ్లి నా చెయ్యి పట్టుకున్నది. పేరు యాదికి రాలేదు. చెయ్యి మాత్రం ఇడువలేదు. బస్సు కదిలితే నేనే ఇడిపిచ్చుకున్న.

రంజాన్ రాకముందే ఆమె పోయిందని బస్సుల వచ్చినోళ్లు చెప్పిన్రు. హైదరాబాద్‌ల్నే మట్టిల పెట్టి దఫన్ చేసిన్రట.

మా ఇంటాయన ఆ దినాలల్ల చౌకీల ఉన్నడు. ఒకనాడు పొద్దు వాలినంక నేను అసర్ నమాజ్‌కు నిలబడ్డ. చదువుకుంట పోయిన, సలాం చెప్పుకున్న. తిరిగి చూస్తే తేనె అమ్మే చెంచు అవ్వ గడపల కూసొని ఉన్నది. ఎప్పుడొచ్చిందో.

"ఎవరికి బిడ్డా, 'ఇంకొకటి ఉన్నది, ఇంకొకటి ఉన్నది' అని చెప్తున్నవు?" అన్నది.

నేను అన్నట్టు నాకు తెల్వదు. నమాజ్‌ల మాట్లాడితే అది చెల్లదు. అవ్వను జర కూసోమని చెప్పి, పడమటి దిక్కు తిరిగి మల్ల చేతులు లేపిన.