అందరూ చదవాలనే రాసిన కార్డు

ఎనభైల చివరి మాట. మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. కర్నూలులో నర్సు ట్రైనింగుకు సీటు వస్తే అమ్మ పొమ్మంది. చిన్నాయన మాత్రం పరువు పోతుందని నన్ను గడప దాటనివ్వలేదు. నేస్తాలు పద్మ, సుజాతలకు చెప్పకుండానే ఓ పొద్దున చిన్నాయన లేవకముందే అమ్మతో స్టేషన్‌కు వచ్చేశాను. నేను కనిపించకపోతే లేచిపోయానంటారని నాకు తెలుసు.

ట్రంకుపెట్టె మీద పెట్టి పోస్టుకార్డు రాశాను: "పద్మా, సుజాతా, మిమ్ముల కలవనియ్యలే. నేను పారిపోతలేను. అమ్మకు చెప్పి కర్నూలుకు నర్సు ట్రైనింగుకు పోతున్న. ఎవరన్న వేరే మాటంటే ఈ కార్డు చూపియ్యుర్రి."

అంతలో చిన్నాయన రొప్పుతూ వచ్చాడు.

"కార్డు మీద రాస్తవా? వీధంతా చదువుతది!"

"చదవాల్ననే రాసిన చిన్నాయనా. దాచేదుంటే కవర్ల పెడుతుంటి."

ఆయన కార్డు లాక్కోబోయాడు. పరుగెత్తి ప్లాట్‌ఫాం మీది ఎర్ర డబ్బాలో వేసేశాను. ఆ సందులో ఆయన చేయి పట్టలేదు. డబ్బా తెరవమని స్టేషన్ మాస్టర్ మీద అరిచాడు.

"తాళం పోస్టాఫీసోళ్ల దగ్గరుంటది. వాళ్లొచ్చే తీస్తరు," అన్నాడు మాస్టర్.

చిన్నాయన ఇంకా డబ్బా దగ్గరే ఉండగా రైలొచ్చింది. ఎక్కేశాను.

కొన్నాళ్లకు పద్మ జవాబు హాస్టల్‌కు వచ్చింది. "ముద్ర పడి మర్నాడే అందింది. పోస్ట్‌మాన్ గట్టిగ చదివి ఇచ్చిండు. మగ్గాల కాడ అందరు విన్నరు. ఒక్కరు వేరే మాటనలే."

నా గురించి ఊరు చెప్పుకునే మొదటి మాట నాదే కావాలనుకున్నాను. అయింది. ఆ జవాబు కూడా కార్డు మీదే రాసింది పద్మ.