తగ్గిన అంకె

పైడిబాబు పుట్టింది ఫెరార్‌గంజ్‌లో, బతుకుతున్నది అదే దీవిలోని డాలీగంజ్‌లో. ఆహార పరీక్షల లాబ్‌లో పదకొండేళ్లుగా కాంట్రాక్టు సహాయకుడు. మేనమామ గురునాథం చెప్పిన మాటతో వచ్చిన పని అది. ఆ మేనమామే హాస్టళ్లకు సరుకులిచ్చే గోదాము చూస్తాడు.

ఏప్రిల్‌లో ఆ గోదాము నుంచి సన్‌ఫ్లవర్ నూనె నమూనా వచ్చింది. గాలికి నూనె చెడడం మొదలైందని చెప్పే పెరాక్సైడ్ విలువ ఇరవై నాలుగు. పది దాటకూడదు. పైడిబాబు వెళ్లి చూస్తే, మూత సరిగా పెట్టని డ్రమ్ములు రేకుల కింద ఎండకు కాగుతున్నాయి. అలాగే రాసిచ్చాడు. ఫైలు ఎక్కడో ఆగిపోయింది, డ్రమ్ములు మాత్రం కదల్లేదు.

ఆగస్టులో అదే నూనె మళ్లీ వచ్చింది, పెరాక్సైడ్ విలువ ఒక్కటే చూడమన్న గోదాము ఉత్తరంతో. సీసా మూత తీయగానే పాత రంగు డబ్బా వాసన గుప్పుమంది. నూనెను ద్రావకంలో కరిగించి, అయోడైడ్ కలిపి, నిమిషం చీకట్లో ఉంచాడు. విడుదలైన అయోడిన్ పసుపు రంగు థయోసల్ఫేట్‌తో పల్చబడ్డాక గంజి ద్రావణం వేస్తే నీలం తేలింది. బ్యూరెట్ గొట్టం నుంచి మళ్లీ చుక్క చుక్కగా థయోసల్ఫేట్ వదిలాడు. నీలం తొందరగానే పోయింది. ఎనిమిది. మళ్లీ చేశాడు. ఎనిమిదే.

కబురు ఎలా అందిందో, మధ్యాహ్నానికి మామ స్కూటర్ మీద దిగాడు.

"చూశావా పైడీ, నూనె తనంతట తానే బాగుపడిపోనాది. బస్, ఇంక చాలు, సంతకం పెట్టేయ్."

"చచ్చినోడికి జ్వరం తగ్గిపోద్ది మామా. బాగయ్యాడంటామేటి?"

గాలి తగిలిన నూనెలో ముందు పెరాక్సైడ్లు పుడతాయని, తరవాత అవే విరిగి ఈ కంపు పదార్థాలవుతాయని, అందుకే అంకె దిగిందని చెప్పాడు. ఆ రెండో దశను పట్టే పరీక్షకు ఇక్కడ రసాయనం లేదు, నమూనా ఓడెక్కి చెన్నై పోవాలి. మామ ఓపిగ్గా విన్నాడు.

"నీ చేత్తో వచ్చిందే కదరా ఎనిమిది. నేనేటైనా దిద్దమన్నానా?"

దిద్దమని ఉంటే కాదనేవాడు. ఇప్పుడు కాదనడానికేమీ లేదు.

కాగితం అడుగున పెన్నుతో రాశాడు: ముక్కిపోయిన వాసన ఉంది, వాడరాదు. పై అధికారి శారదాదేవి మంచి మనిషే. సీసా వాసన చూసి ముఖం తిప్పుకుంది.

"నాకూ తెలుస్తోంది బాబూ. ఉత్తరంలో వాళ్లడిగింది ఒక్క అంకె. చేతిరాత ఉంటే తిప్పి పంపేస్తారు. ఈ నెలాఖరుకే నీ రెన్యువల్ కూడా ఉంది కదా."

ఎనిమిది అన్న అంకె ఒక్కటే ఉన్న కొత్త కాగితం వచ్చింది. దాని మీద అబద్ధమన్నది ఒక్క అక్షరం లేదు. పైడిబాబు సంతకం పెట్టాడు.

మిగిలిన నూనెను పారబోయలేదు. చిన్న సీసాలో అంచుదాకా నింపి బిగించి, నల్ల కాగితం చుట్టి, ఫ్రిజ్ అడుగున పెట్టాడు. చల్లగా, చీకటిగా, గాలి తగలకుండా. ఎవరైనా అడిగితే చూపించడానికి. కిటికీ అవతల గోదాము లారీ హాస్టల్ వైపు మళ్లింది.