పడిపోయిందా, పట్టుకుందా

పట్టుపురుగు చర్మం వదిలే ముందు ఆకు మానేస్తుంది. తల పైకెత్తి, కదలకుండా, ఏదో తలుచుకుంటున్నట్టు ఉండిపోతుంది. మా వైపు రైతులు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక మాత్రం దాని ఆకలికి అంతుండదు. తట్టల మీద మల్బరీ ఆకు పరిచి తలుపు దగ్గరికి వేస్తే లోపల వాన పడుతున్నట్టు ఉంటుంది. బయట ఎండ కాస్తున్నా లోపల వానే. రామకుప్పం పక్క పల్లెల్లో ఆ వాన వింటూ గోడకు ఆనుకుని కునుకు తీసిన మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు కలల్లోకి వస్తాయి.

ఎనభైలలో నా ఉద్యోగం ఆ పురుగుల గుడ్లను రైతులకు చేర్చడం. కాపురం పుంగనూరులో. గుడ్లు ఇచ్చే కేంద్రం మదనపల్లెలో. కుప్పం వైపు చూసే ఆయన సెలవు పెట్టడంతో ఆ పల్లెలు కూడా నా నెత్తిన పడ్డాయి. ముందురోజు సాయంత్రం మదనపల్లె పోయి గుడ్లు అంటించిన కాగితాలు తెచ్చుకోవడం, మరునాడు వెలుతురు రాకముందే మోటారుసైకిలు మీద పలమనేరు మీదుగా కుప్పం వైపు బయలుదేరడం. గుడ్లకు ఎండ తగలకూడదు, కుదుపు తగలకూడదు, పెట్రోలు వాసన అసలే పడదు. అందుకని నేను వాటిని గుడ్డసంచిలో పెట్టి మెడకు తగిలించుకునేవాణ్ణి. సంచి కడుపు దగ్గర వేలాడేది. దాని మీదకు గొడుగులా వంగి బండి నడిపేవాణ్ణి. దారిలో మంచు, చింతచెట్లు, ఎక్కడో రాగిచేలో ఏనుగులను తరమడానికి డబ్బాలు కొడుతున్న చప్పుడు. ఆ చలిలో నా కడుపు దగ్గర వేలాది ప్రాణాలు నిద్రపోతున్నాయని తలుచుకుంటే ఒళ్ళు పులకరించేది. ఆ పులకరింతలో నడుము సంగతి ఎవడికి గుర్తుంటుంది?

నడుమే గుర్తు చేసింది. మొదట్లో బండి దిగినప్పుడు కాస్త పట్టినట్టు ఉండేది, నాలుగు అడుగులేస్తే పోయేది. తర్వాత పోవడం మానేసింది. రెండు వారాలు గడిచేసరికి పొద్దున లేచి ముఖం కడుక్కోవడానికి వంగాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఇక సలహాలకేం కొదవ? ఒకాయన ఆముదం కాచి రుద్దమన్నాడు. మా ఆఫీసులో పెద్దాయన ఎముకలన్నీ తనే చెక్కి పెట్టినట్టు చెప్పాడు: "డిస్కు జారుంటాదప్పా. నెల్రోజులు చెక్క మీద పండుకో. కదిలితే కాళ్ళు పోతాయి."

పడుకోవడమంటే నాకు భయం. మామూలు భయం కాదు, చెమట పట్టే భయం. మా నాయనకు ఒక ఉదయం కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. పడిపోయిన మనిషి నులకమంచం మీదే ఏళ్ళు గడిపి, దాని మీదే పోయాడు. అమ్మ ఆ మంచాన్ని కడిగి, ఎండబెట్టి, అటక మీదకు ఎక్కించింది. అటు తల ఎత్తి చూడడం నేను మానేశాను.

నాయన కాలం నుంచి మాకు మదనపల్లె ఆసుపత్రిలో ఒకామె తెలుసు. పడిపోయిన కాళ్ళూ చేతులూ ఆడించి, మనుషులను మళ్ళీ నడిపించడం ఆమె చదువు. ఫిజియోథెరపిస్టు అనడం మా నోళ్ళకు తిరగక కసరత్తులమ్మ అనేవాళ్ళం. ఆదివారం ప్రార్థనకు పోయే తెల్లచీరతోనే ఒకటి రెండుసార్లు మా ఇంటికి వచ్చి నాయనను వాకిట్లో నడిపించింది కూడా. ఆమెకే రాద్దామనుకున్నాను. బోర్లా పడుకుని, కాగితం నేల మీద పెట్టుకుని రాశాను. రాస్తూ రాస్తూ నా తెలుగు మీద నాకే ముచ్చటేసింది.

"అమ్మా, పుంగనూరు నుంచి కుప్పం వైపు రోజూ బండి మీద పోయి వస్తాండాను. వి.కోట దాటినాంక రోడ్డు గాదది, దున్నిన చేను. రెండు వారాలుగా నడుము కింది భాగంలో నొప్పి. కూర్చుంటే ఎక్కువ, నిలబడితే తక్కువ. బండి దిగేటప్పుడు ప్రాణం పోతాది. పొద్దున బిగుసుకుపోయి ఉంటాది, తిరిగితే కొంచెం వదులవుతాది. నిన్నటితో నా నడుము పూర్తిగా పడిపోయింది. ఏం చేసేదో చెప్పండి."

రోడ్డు గురించి ఇంకా చాలా రాశాను, అదంతా ఇక్కడెందుకు. అడగాలనుకున్న మాట మాత్రం రాయలేకపోయాను. నేనూ మంచం పడతానా అని. కాగితం మడిచి, మదనపల్లె బస్సు కండక్టరుకు ఇమ్మని అమ్మ చేతికిచ్చాను. అమ్మ అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. చదువుతుందని నేననుకోలేదు.

మధ్యాహ్నం బస్సుకే జవాబు వచ్చింది. తొందరలో రాసిన పెన్సిలు రాత.

"అప్పా, నడుము పడిపోయింది అని రాసినావు. పడిపోవడమంటే మా పనిలో వేరే అర్థం. నిజం చెప్పు. పాదం ఈడ్చుకుంటాండావా? నడిస్తే కాల్లో చెప్పు నిలస్తాండాదా? తొడల నడుమ మొద్దుబారినట్టు ఉండాదా? ఒంటికి పోయేది తెలస్తాండాదా, లేక ఆగిపోయిందా? జ్వరం ఉండాదా? బండి మీద నుంచి పడినావా? వీటిలో ఒకటి ఔనన్నా ఇప్పుడే జీపులో పండబెట్టుకోని రావల్ల. ఏదీ లేకుంటే రేపు బస్సుకి రా. బండి మాత్రం తాకొద్దు."

జ్వరం ఉందా అన్నచోట నా బుద్ధి నేరుగా పురుగుల మీదకే పోయింది, కుప్పం వైపు పల్లెల్లో అవి రెండో జ్వరంలో ఉన్నాయి కదా అని. అంతటి తెలివి నాది, నాలో నేనే నవ్వుకున్నాను. మిగతా ప్రశ్నలు చదివాక ఆ నవ్వు ఆగిపోయింది. లేచి చెప్పులేసుకుని వాకిట్లో అటూ ఇటూ నడిచాను. చెప్పు జారలేదు. దొడ్డి వైపు పోయి ఆ ఒంటికి పోయే సంగతీ చూసుకుని వచ్చాను. అమ్మ గడపలో నిలబడి నా పాదాలనే చూస్తోంది.

మరునాడు బస్సులో సీటు ఉన్నా మదనపల్లె దాకా నిలబడే పోయాను. కూర్చోమని జాగా ఇచ్చిన పెద్దామె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

నేను లోపలికి రాగానే కసరత్తులమ్మ నా ముఖం చూడలేదు, నడక చూసింది. మడమల మీద నడవమంది. మునివేళ్ళ మీద నడవమంది. పడుకోబెట్టి, కాలి బొటనవేలితో తన చేతిని నెట్టమంది. కాలు చాపినది చాపినట్టే పైకి లేపి, నొప్పి పిక్కలోకి పాకుతోందా అని అడిగింది. లేదన్నాను. రబ్బరు సుత్తితో మోకాలి కింద తట్టింది. కాలు ఎగిరింది. ఆ ఎగరడం చూసి నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

"ఇప్పుడు బండెట్ల తోల్తావో సూపించు" అని స్టూలు వేసింది.

కూర్చున్నాను. నా చేతిసంచిని అలవాటుగా మెడకు తగిలించుకుని దాని మీదకు వంగాను. ఆమె నవ్వింది.

"ఇట్లా కుప్పం దాకానా?"

"గుడ్లు కదలకూడదు గదమ్మా."

"గుడ్లు కదల్లేదు, నీ నడుమూ కదల్లేదు. గంటలతరబడి వంగి, ఆ అదురంతా ఓర్చుకుంటే అది పట్టుకోకుండా ఏం జేస్తాది? పట్టుకుంది అని రాయల్ల నువ్వు. పడిపోయింది అని రాస్తావా? నిన్న నా గుండెకాయ జారిపోయింది."

బోర్లా పడుకోమంది. కాసేపటికి మోచేతుల మీద లేచి, నడుము వదులుగా వదిలేసి, తల ఎత్తమంది. మొదట కలుక్కుమంది. ఉండగా ఉండగా, తుంటి మీద పరుచుకున్న నొప్పి మెల్లగా నడుము మధ్యకు చేరింది. "అట్ల నడిమికి వస్తే మంచిదే. కాల్లోకి దిగితే మాత్రం నిలిపేసి నా కాడికి రా" అంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. దూరంగా ఎవరో మంచాల మీది దుప్పట్లు దులుపుతున్నారు. తల ఎత్తి, కదలకుండా, ఏదో తలుచుకుంటున్నట్టు ఉన్నాను. ఇది జ్వరంలో ఉన్న పురుగు వాటమే కదా అని తట్టింది. దానికి కొత్త చర్మం వస్తుంది, నాకేమొస్తుందో అనుకున్నాను. ఆ మత్తులోనే, రాయలేని మాట నోట్లోంచి వచ్చేసింది.

"నేనూ మంచం పడతానామ్మా, మా నాయన మాదిరి?"

ఆమె వచ్చి నా పక్కన నేల మీదే కూర్చుంది.

"మీ నాయనకు దెబ్బ తగిలింది మెదడులో. నీది నడుము నొప్పి, బండి నొప్పి. రెంటికీ సుట్టరికం లేదు. నువ్వు మంచం పడవు. మంచమెక్కి కదలకుండా పండుకుంటేనే సెడతావు. నడువు. కొన్నాళ్ళు బండి ఆపు. మళ్ళీ ఎక్కినప్పుడు ఊరూరికీ దిగి, నడుం మీద సేతులు పెట్టుకోని ఎనక్కి వంగు. ఆ గుడ్లసంచి మాత్రం మెడకొద్దు."

నాకు ఏడుపొచ్చింది. బోర్లా పడుకున్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

సాయంత్రం పుంగనూరు బస్టాండు నుంచి ఇంటికి నడిచే వచ్చాను. నడుము నొప్పిగానే ఉంది, కానీ అది నా నడుము నొప్పే, నాయన జబ్బు కాదు అన్న ధైర్యం వచ్చింది. వాకిట్లో అడుగుపెట్టి ఆగిపోయాను. నాయన మంచం అటక దిగి ఉంది. కడిగి ఉంది. వదులైన నులక అంతా విప్పి, కొత్తగా బిగించి అల్లి ఉంది. దాని పక్కన అమ్మ కూర్చుని ఉంది. అరచేతులు ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి.

"ఇది యాల దించినావమ్మా?"

"పడిపోయిందని రాసినావు గదప్పా. నేను సదివినా." గొంతు మామూలుగానే ఉంది. "వొదులు మంచమైతే మీ నాయనకు శానా నొప్పి సేసేది. నీకైనా గట్టిగా ఉండల్లని."

చెప్పులు విడిచి, వాకిలి ఆ చివరి నుంచి ఈ చివరికి మడమల మీద నడిచి చూపించాను. మళ్ళీ మునివేళ్ళ మీద నడిచాను. ఆ వయసులో అది ఎంత వెర్రిగా ఉండి ఉంటుందో.

"పడిపోలేదమ్మా. పట్టుకుంది, అంతే."

అమ్మ నా పాదాలను చూసింది, చూసింది, చివరికి ముఖం చూసింది. నాయన పోయిన రోజు కూడా ఏడవని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చోబోయి, కూర్చుంటే నొప్పని గుర్తొచ్చి నిలబడిపోయాను. నిలబడే ఆమె తల మీద చెయ్యి వేశాను.

మరునాటి నుంచి పొద్దునా సాయంత్రం నేను వాకిట్లో చాప మీద బోర్లా పడుకుని తల ఎత్తేవాణ్ణి. పక్కనే ఎండలో ఆ మంచం మీద అమ్మ మిరపకాయలు ఆరబోసేది.