బిల్లు మీద పేరు

పదహారేళ్లు అద్దెకున్న ఇంటినే కొనుక్కుంది దర్జీ అక్క. కరెంటు బిల్లు మీద ఇంకా పాత యజమాని పేరే కనిపిస్తుంటే ఒళ్లు మండేది. రిజిస్ట్రేషన్ కాగితాల నకలు, కట్టేసిన చివరి బిల్లు జతచేసి పేరు మార్పుకు దరఖాస్తు పెట్టింది.

ఇల్లు చూడ్డానికొచ్చిన కరెంటాఫీసు ఉద్యోగికి తనే కుర్చీ వేసింది. ముందుగదిలో మూడు కుట్టుమిషన్లు చూసి అతను కాగితం తీశాడు.

"ఇది ఇంటి కనెక్షన్ కిందకి రాదమ్మా. షాపు కింద రాయాలి."

"పదహారేళ్లుగా ఇక్కడే కుడుతున్నాను కదయ్యా. ఎవరూ అడగలేదే."

"ఎవరూ మమ్మల్ని పిలవలేదు కదమ్మా."

తర్వాతి బిల్లులో ఆమె పేరు వచ్చింది. పేరు పక్కనే 'వాణిజ్యం' అని అచ్చయింది. అద్దెకున్నన్నాళ్లూ అది ఇల్లే. తనదయ్యాక షాపయింది.