జారని తువ్వాలు

తెర మీద గుడ్డ కుదురుకోనిదే సౌజన్య ఫైలు ఎవరికీ ఇవ్వదు. బాపట్లలో డిగ్రీ అయ్యాక తెనాలిలో అనుదీప్ స్టూడియోలో చేరింది. మొదట పెళ్లి వీడియోలకు పేర్లు ఎగరేసేది, తర్వాత చీరల కొట్లకు, సోఫాల షాపులకు త్రీడీ బొమ్మలు చేయడం నేర్చింది. నాన్న అడవులదీవిలో పడవ మీద చేపల వేటకెళ్తాడు. ఆమె రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చి పోతుంది. సోఫా మీద దుప్పటి ఎక్కడో సన్నగా వణుకుతుంటే కొట్టువాళ్లకు కనబడదు, ఆమెకు మాత్రం అన్నం దిగదు.

ఈసారి వచ్చిన పని సోఫా కాదు. రేపల్లె దగ్గరి ఒక బియ్యం మిల్లులో ప్రసన్నలక్ష్మి అనే కూలీ చెయ్యి మిషను బెల్టులో పడి నలిగింది. బెల్టు ఆపకుండా తవుడు ఊడ్వమన్నారని ఆమె అంటోంది. ఆమె తన తువ్వాలు బెల్టు పక్కనున్న కుర్చీ వీపున వేసిందనీ, అది దానంతటదే జారి బెల్టులో పడితే పట్టుకోబోయిందనీ మిల్లువాళ్లు అంటున్నారు. కోర్టులో చూపించడానికి వాళ్లకు ఆ జారుడు బొమ్మగా కావాలి.

సౌజన్య తెర మీద ప్లాస్టిక్కు కుర్చీ, దాని పక్కన బెల్టు చేసింది. కుర్చీ మీద తువ్వాలు వదిలింది. ముందు ఎలా ఉంటుందో చూద్దామని కంప్యూటరు కట్టే లెక్కలు తక్కువ పెట్టి నడిపింది. తువ్వాలు కుర్చీ వీపు మీద పడి, వణికి, ఒక్కసారి ఎగిరి, బెల్టువైపు జారిపోయింది. వెనక నిలబడి చూస్తున్న అనుదీప్ దాన్ని ఫోనులో తీసి మిల్లు మేనేజరుకు పంపేశాడు.

"అన్నా, అది తప్పు లెక్క," అంది సౌజన్య.

"ఆయనకు నచ్చిందంట. కారులో బయల్దేరాడు."

మేనేజరు వీరబ్రహ్మం వచ్చేసరికి ఆమె లెక్క సరిచేసింది. కుర్చీకి మందం ఇచ్చింది. గుడ్డ దాన్ని తాకేలోపే కంప్యూటరు పసిగట్టే దూరం పెట్టింది. ప్రతి ఫ్రేముకూ చేసే లెక్కల మెట్లు పెంచింది. ప్లాస్టిక్కు మీద నూలు గుడ్డకు ఉండే పట్టు ఇచ్చింది. తువ్వాలు మెత్తగా వాలి, అంచులు ఊగి, ఆగింది. ఎన్నిసార్లు నడిపినా ఆగింది.

వీరబ్రహ్మం తెల్ల చొక్కా సర్దుకుని పక్కనే కూర్చున్నాడు. "ఏంటమ్మాయ్, ఇందాక పడింది కదా, ఇప్పుడెందుకు మొరాయిస్తోంది?"

"కంప్యూటరుకు గుడ్డంటే ముడులేసిన వల లాంటిదండి. ఒక్కో ముడి ఎక్కడుందో చిన్న చిన్న మెట్లుగా లెక్కేస్తుంది. మెట్లు తక్కువైతే అది చూసుకునేలోపే ముడి కుర్చీలోకి దూరిపోద్ది. అప్పుడు బయటికి గట్టిగా నెడుతుంది. ఇందాక గుడ్డ ఎగిరింది అందుకేనండి. అది జారడం కాదు."

"జారినట్టే ఉందిగా."

సౌజన్య గుడ్డకూ కుర్చీకీ మధ్య పట్టు మొత్తం తీసేసి మళ్లీ నడిపింది. ఈసారి తువ్వాలు నూనె రాసినట్టు జారింది, కానీ బెల్టువైపు కాదు. తువ్వాలు ఎలా వేసుందో చూపడానికి మిల్లువాళ్లే పంపిన ఫోటో ప్రకారం దాని పొడుగు కొస గోడవైపు వేలాడుతోంది. ఆ బరువుకు అటే పడింది.



వీరబ్రహ్మం నవ్వాడు. "ఎంత చదువు చదివావమ్మా! మాకు ఇంత అక్కర్లేదు. ఇందాకటిది శుభ్రంగా చేసివ్వు చాలు."

"అది చెయ్యనండి. ఎవరైనా అడిగితే ఆ తువ్వాలు జారదనే చెప్తాను."

ఆయన నవ్వు మొహం మీద అలాగే నిలిచిపోయింది. అనుదీప్ ముందుకొచ్చాడు.

"లేమ్మా, నేను చూసుకుంటా."

ఆమె లేచి గోడవైపు నిలబడింది. అనుదీప్ మెట్లు తగ్గించాడు. తువ్వాలు కుర్చీలోంచి దూరి కిందపడింది. మందం మార్చాడు. గుడ్డ చిరిగిన గాలిపటంలా గింగిరాలు తిరిగి తెర దాటిపోయింది. "ఏం ఆటలాడుతుందో చూడు," అని వీరబ్రహ్మం పళ్ల సందున నవ్వాడు. అనుదీప్ నవ్వలేదు. ఇంకొంచెం తగ్గించాడు, ఇంకొంచెం మార్చాడు. చివరికి తువ్వాలు వణికి, లేచి, బెల్టు మీదికి ఒరిగింది.

"ఇదే! ఇక దీన్ని కదపమాక," అన్నాడు వీరబ్రహ్మం. జేబులోంచి పెన్ను తీశాడు. "లెక్క కట్టినవాళ్ల పేరు కింద వేయాలన్నాడు మా ప్లీడరు. ఎవరి పేరు?"

అనుదీప్ తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "సౌజన్య," అన్నాడు.

"అన్నా!"

"స్టూడియోలో గుడ్డపని నీదే కదమ్మా."

"నేను చేసింది అది కాదు. నా పేరు వేయొద్దండి."

వీరబ్రహ్మం అప్పటికే రాస్తున్నాడు. "నాన్న పేరేంటమ్మా?"

"చెప్పనండి."

"పర్లేదులే," అన్నాడాయన తల ఎత్తకుండా, ఎంతో ఆప్యాయంగా. "అడవులదీవి ముత్యాలరావు. ఆయన పడవ ఎప్పుడు వేటకెళ్తుందో, ఎప్పుడొస్తుందో కూడా మాకు తెలుసమ్మా."