ఐదువందల అరవైకి నాలుగువందల తొంభై

వంటగదులు కట్టే ఆ దుకాణంలో ఆమెను అందరూ మిల్లీ అక్క అనేవాళ్లు. మిల్లీమీటరు తేడా వస్తే అన్నం సహించదని చిన్నాన్న పెట్టిన పేరది. దుకాణం చిన్నాన్నదే. పద్నాలుగేళ్ల కిందట, తండ్రి పోయిన ఏడాది, ఆమె చేతిలో టేపు పెట్టింది కూడా ఆయనే.

"గోడలు అబద్ధాలాడతాయమ్మాయ్. ఒక్కచోట కొలిచి నమ్మేవో, నట్టేట్లో ముంచుతాయి" అన్నాడు మొదటిరోజు.

ఆ మాట ఆమె ఒంటికి పట్టింది. వంటగట్టు లోతు ఎడమ కొసన, మధ్యలో, కుడి కొసన మూడుచోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిందే రాసుకునేది. గోడకి టైల్స్ అంటించకముందు కొలవడానికి రమ్మంటే వెళ్లేది కాదు. టైలూ, దాని వెనక జిగురూ కలిపి పదిహేను మిల్లీమీటర్లు మింగేస్తాయి, ఆ మింగుడు పొయ్యి వెనక ఉండాల్సిన రాతిపట్టీలోంచే పోతుంది. గట్టు రాతిలోకి దించే పొయ్యిని, అదే హాబ్‌ని, కొనడానికి వచ్చిన వాళ్లు పెట్టె మీది సైజు చూసి, అంత బొక్క కోయించమంటారు. అలా కోస్తే పొయ్యి నేరుగా కింద సొరుగులో పడుతుంది. "పెట్టె మీద ఉండేది గాజు కొలతండీ. ఆ గాజు నాలుగువైపులా రాతి మీద కూర్చోవాలి. కోత దానికంటే చిన్నది. అది లోపలి కాగితంలో ఉంటుంది" అని రోజుకి నాలుగుసార్లయినా చెప్పేది, విసుక్కోకుండా.

ఇంకో పట్టుదల కూడా ఉండేది ఆమెకి. పొయ్యి కళ్లబడందే రాయి కోయనివ్వదు. ఒకే కంపెనీ, ఒకే బొమ్మ, మోడల్ నంబరులో చివరి అక్షరం మారితే కోత మారిపోతుంది. కోసిన రాయి మళ్లీ అతకదు.

టీచరమ్మ ఇంటి పని వచ్చినప్పుడు ఆ పట్టు వదిలేసింది. వదిలించింది చిన్నాన్న.

టీచరమ్మ చంకలో ఏడాదిన్నర పిల్లాడు. అన్నిటికీ కంగారే ఆవిడకి. పిల్లాడు ఒవెన్ తలుపు లాగితే మీద పడుతుందా, గట్టు అంచుకి పొయ్యి ఎంత దగ్గరుంటుంది, గిన్నె పిడి అందుతుందా. మిల్లీ అక్క అన్నిటికీ కొలిచి చూపించింది. "గట్టు లోతు ఆరువందలు. కోత నాలుగువందల తొంభై. మిగిలేది నూటపది. ముందు అరవై, వెనక యాభై వదులుతా. ముందు అంతకన్నా సన్నగా వదిలితే రాయి పగులుతుంది."

"ఒవెన్?"

"పొయ్యి కిందే. చెక్క గూడు బయటికి ఆరువందలు, రెండు పలకలూ చెరో పద్దెనిమిది పోతే లోపల ఐదువందల అరవై నాలుగు. ఒవెన్‌కి ఐదువందల అరవై చాలు. ఎత్తు ఆరువందలు, లోతు ఐదువందల యాభైకి తగ్గకూడదు. ప్లగ్గు మాత్రం ఒవెన్ వెనక పెట్టించకండి, పక్క గూట్లో పెట్టించండి. వెనక పెడితే ఒవెన్ ఆ ప్లగ్గు మందాన ముందుకి పొడుచుకొస్తుంది. మీ వాడి నుదుటికి సరిగ్గా అందుతుంది."

టీచరమ్మ నవ్వింది. "మీరు పిల్లాణ్ణి కూడా కొలిచేశారా అక్కా?"

రాయి కోసే రోజుకి హాబ్ రాలేదు. "లారీ ఆలస్యమే తల్లీ. మోడల్ ఇదే, కాగితం ఇదిగో" అని చిన్నాన్న ముద్రించిన కాగితం చేతికిచ్చాడు. గాజు ఐదువందల తొంభైకి ఐదువందల ఇరవై. కోత ఐదువందల అరవైకి నాలుగువందల తొంభై.

"వచ్చాక కోయిద్దాం చిన్నాన్నా."

"మేస్త్రి మళ్లీ వారం దాకా దొరకడు. నేనిచ్చిన కాగితం మీద కూడా నమ్మకం లేదటే నీకు?"

ఆ మాటకి ఆమె సిగ్గుపడింది. కాగితం చూసి అట్టముక్క కత్తిరించి, రాతి మీద గీత గీసి, రాతి మేస్త్రికి అప్పగించింది. మేస్త్రి నీళ్లు పోస్తూ కోశాడు. మూలలు గుండ్రంగా తిప్పాడు, నిలువు మూల అయితే అక్కడినుంచే బీట మొదలవుతుంది. అయ్యాక ఆమె నాలుగువైపులా కొలిచింది. అరమిల్లీ తేడా లేదు.

బిగించే రోజు ఉదయం హాబ్ వచ్చింది. ఆమే, చిన్నాన్నా చెరోవైపు పట్టుకుని రాతిలోకి దించారు. కూర్చున్నట్టే కూర్చుంది. మిల్లీ అక్క అలవాటుగా అరచేత్తో ముందుకి కదిపింది. గాజు ముందుకి జారింది, వెనక అంచు రాతి మీంచి తప్పి, ఠక్కుమని లోపలికి కుంగింది.

టీచరమ్మ పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుంది.

మిల్లీ అక్క హాబ్‌ని పైకి లాగి పక్కన పెట్టింది. టేపు తీసి కోత కొలిచింది. ఐదువందల అరవై. నాలుగువందల తొంభై. టేపు కొక్కెం వదులైందేమోనని ఇనప స్కేలు తెచ్చి మళ్లీ కొలిచింది. అంతే.

ఈలోగా చిన్నాన్న టీచరమ్మ వైపు తిరిగాడు. "ఏమీ అనుకోకండమ్మా. మా అమ్మాయి చెయ్యి జారింది. కోత కొంచెం పెద్దదైపోయింది. ఇంట్లో ఏవో చిక్కులున్నాయిలెండి, ఈ మధ్య పరధ్యానంగా ఉంటోంది. చుట్టూ స్టీలు పట్టీ వేయించి సర్దేస్తా."

ఆమె ఇంట్లో చిక్కులేమీ లేవు.

తలెత్తి చూసింది. చిన్నాన్న ఆమె కళ్లలోకి చూడలేదు. పొయ్యి కుంగినా ఆయన ముఖంలో కంగారు లేదు, మాట వెతుక్కోలేదు కూడా. ముందే కూర్చి పెట్టుకున్న మాటలా ఉంది అది.

హాబ్ బర్నర్లు తీసి, దాన్ని దుప్పటి మీద బోర్లా వేసింది. అడుగున రేకు చీటీ ఉంది. మోడల్ నంబరు చివరి అక్షరం కాగితంలో ఉన్నది కాదు, వేరే. గాజు కొలిచింది. ఐదువందల ఎనభైకి ఐదువందలు. నాలుగువందల తొంభై కోత మీద ఈ ఐదువందల గాజు ముందూ వెనకా చెరో ఐదు మిల్లీమీటర్లు ఆనుతుంది, ఆవగింజలు నాలుగు పేర్చినంత. ఏ మాత్రం జరిగినా ఓ వైపు ఆసరా పోతుంది. దీనికి కావలసిన కోత నాలుగువందల డెబ్భై.

ఆ చీటీ అంచుకి గోడౌన్ సున్నపు మరక ఉంది. రెండేళ్లుగా అమ్ముడుపోక మూల పడి ఉన్న పాత సరుకు.

"చిన్నాన్నా, ఒకసారి కిందికి రా" అంది.

వ్యాన్ దగ్గర ఆయన సిగరెట్ వెలిగించుకున్నాడు. ఆమె ముందు సీట్లో ఉన్న ఫైలు తీసింది. తాను రాసిన కొలతల కాగితం కోసం వెతికింది. ఉంది. తన చేతిరాతే, తన సంతకమే. కానీ మోడల్ నంబరు చివరి అక్షరాన్ని చెరిపి, ఈ పాత పొయ్యి అక్షరం రాశారు. కోత అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎవరు చూసినా ఏమనుకుంటారు? మోడల్ సరిగ్గానే రాసుకుంది, కోత తప్పు చదివింది అనుకుంటారు.

"ఇదెప్పుడు చేశావు?"

"ఆవిడ అడిగింది దొరకలేదే. కంపెనీవాడు ఆపేశాడు. అప్పటికే రాయి కోసేశాం."

"ఎప్పుడు చేశావని అడిగాను."

"మంగళవారం."

ఈవేళ శనివారం. ఈ నాలుగు రోజులూ పక్కనే కూర్చుని భోంచేశాడు. నిన్న సాయంత్రం ఆమె డబ్బాలోంచి వంకాయ కూర తీసుకుని, నీ చేతి ఉప్పు సరిగ్గా మిల్లీమీటరులా ఉంటుందే అని నవ్వాడు కూడా.

"దొరకలేదని ఆవిడకి చెప్పొచ్చుగా."

"చెబితే మొత్తం పని వెనక్కి తీసుకునేది. ఒక్కసారికి నీ మీద వేసుకో తల్లీ. నీకేం పోయింది? బయటివాణ్ణయితే అడుగుతానా? నువ్వు ఇంటిమనిషివి కాబట్టే కదా."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. కోసేవాడు గొంతు మీద చెయ్యి వేసి నిమురుతాడు కూడా. ఆమెకి చదువు లేదు, ఇల్లు లేదు, దుకాణం లేదు. ఉన్నదల్లా ఒకటే. ఆమె కొలిచిందంటే మళ్లీ కొలవక్కర్లేదని నలుగురూ అనే మాట. నీకేం పోయింది అని ఆయన అడుగుతున్నది ఆ ఒక్కదాని గురించే.

మెట్లెక్కి వెళ్లింది. చిన్నాన్న వెనకే వచ్చాడు.

"టీచరమ్మగారూ, కోత సరిగ్గానే ఉంది" అంది. "పొయ్యి మీరు అడిగింది కాదు. మీ ఆర్డరు కాగితం తెచ్చి, ఈ చీటీ మీద నంబరు మీరే చదవండి. చదివాక ఈ స్కేలు పట్టుకోండి, కోత కూడా మీరే కొలవండి."

"అమ్మాయికి ఒంట్లో బాగోలేదు" అన్నాడు చిన్నాన్న.

టీచరమ్మ పిల్లాణ్ణి నేలమీద దించి, కాగితం తెచ్చి, వంగి చదివింది. రెండుసార్లు చదివింది. తర్వాత స్కేలు అడిగి తీసుకుంది. "సున్నా ఎక్కణ్ణుంచి పెట్టాలి అక్కా?"

"కోసిన అంచుకి ఆనించండి. అటు చివర ఎంతుందో చూడండి."

"నాలుగువందల తొంభై."

చిన్నాన్న అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు.

టీచరమ్మ పొయ్యి వెనక్కి పంపేసింది. అదే కోతకి సరిపోయే ఇంకో కంపెనీ హాబ్ తానే వెతికి తెప్పించుకుంది. ఈసారి మిల్లీ అక్క పెట్టె విప్పి, కాగితం చదివి, గాజు కొలిచి, అప్పుడు దించింది. కదిపితే కదల్లేదు. ఆ పూట ఆమె వెళ్లింది దుకాణం తరఫున కాదు. దుకాణానికి వెళ్లడం మానేసి అప్పటికి వారమైంది.

రాతి మేస్త్రి దగ్గరికి పని అడగడానికి వెళ్లింది. ఆయన చేతుల మీది రాతిపొడి దులుపుకున్నాడు.

"మీ చిన్నాన్న ఫోన్ చేశాడమ్మా. నీ కొలతలు తప్పుతున్నాయి, జాగ్రత్త అన్నాడు."

"ఎప్పుడు?"

"టీచరమ్మ ఇంట్లో బిగించడానికి ముందే. గురువారమో, శుక్రవారమో."

ఆమె అక్కడున్న రాతిపలక మీద కూర్చుండిపోయింది. కాగితం దిద్దడం భయంతో చేశాడనుకుంది. ఆ ఫోను భయంతో చేసింది కాదు.

"మరి మీరేమన్నారు?"

"కోసింది నేను కదమ్మా, నువ్వు గీసిన గీత మీదే. గీత తప్పయితే నా చేతికి తెలీదా? సరే అని పెట్టేశా. ఇంటి గొడవలు మనకెందుకని నీకు చెప్పలేదు." గొంతు సవరించుకున్నాడు. "చెప్పాల్సింది."

ఇప్పుడామె మూడు రాతి దుకాణాలకి కొలుస్తుంది. చిన్నాన్న మాట నమ్మినవాళ్లు లేకపోలేదు. కొన్ని ఇళ్లలో ఆమె కొలిచాక ఇంటాయన తన టేపు తీసి మళ్లీ కొలుస్తాడు. ఆమె పక్కకి జరిగి చోటిస్తుంది. అంకె కలిశాక ఆయన టేపు చుట్టేస్తాడు, ఆమె తర్వాతి గోడకి జరుగుతుంది.

పోయిన నెల చిన్నాన్నే ఫోన్ చేశాడు. ఒవెన్ గూడొకటి కుదరక తలుపు పడటం లేదట, కొత్త కుర్రాడికి అంతు చిక్కడం లేదట. "ఒకసారి వచ్చి చూడవే తల్లీ" అన్నాడు, మధ్యలో ఏమీ జరగనట్టు.

చిన్నప్పటినుంచీ ఆయన్ని నువ్వు అనే పిలిచింది. తండ్రి లేని ఇంట్లో, అలా పిలిచేందుకు మిగిలిన మగమనిషి ఆయనొక్కడే.

"గూడు లోపలి వెడల్పు, ఎత్తు, లోతు మూడుచోట్ల కొలిచి పంపించండి" అంది. "మోడల్ నంబరు చీటీ కూడా ఫొటో తీసి పెట్టండి. చూసి చెబుతానండీ."

 ఆమె ఫోన్ పెట్టేసి, సగంలో ఉన్న గట్టు కొలత మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.